అద్దం, నీళ్లు, పెన్సిల్: ముందు అంచనా రాయించి కాంతి పాఠం నడపడం ఎలా

పరావర్తనం, వక్రీభవనం రెండూ ఒకే పాఠంలో ఎలా చెప్పాలి, ప్రయోగం చూపించాక కూడా పిల్లలు పాత మాటే ఎందుకు రాస్తున్నారు అని అడిగే ఉపాధ్యాయులు చాలామంది. చూపించే పద్ధతిలో లోపం తక్కువే ఉంటుంది. చూడబోయే ముందు పిల్లల చేత ఏమీ రాయించకపోవడమే అసలు చిక్కు. రాయకపోతే, చూశాక ప్రతివాడూ "నేనూ ఇదే అనుకున్నా" అంటాడు.

ఈ పాఠం పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు, నలభై అయిదు నిమిషాల పీరియడ్లు రెండు తీసుకుంటుంది. మొదటిది అద్దానికి, రెండోది నీళ్లకు. ఒక్క పీరియడ్‌లో ఇరికిస్తే కోత పడేది చర్చకే. అందుకని ఒకటే ఉంటే అద్దం వరకే చేసి ఆపండి.

రెండు పీరియడ్లనూ కలిపే దారం ఒకటుంది: దారిలో వెలుగు వంగిందో, తిరిగిందో కంటికి తెలియదు. చివరికి ఏ దిక్కు నుంచి వచ్చిందో ఆ దిక్కునే తిన్నగా వెనక్కి పోయి వస్తువు అక్కడుందని అనుకుంటుంది. అద్దం వెనుక బొమ్మ కనిపించడానికీ, నీళ్లలో పెన్సిల్ విరిగినట్టు ఉండడానికీ కారణం ఇదే. అద్దం ముందు, నీళ్లు తర్వాత అని వరస పెట్టింది కూడా ఇందుకే.

1. సామాను: ముందురోజే చూసుకోవాల్సినవి

నలుగురికో జట్టు. ఒక్కో జట్టుకు:

- చిన్న సమతల దర్పణం, 8 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు (అంచులకు టేపు అంటించి)
- ఒకే పొడవున్న కొత్త పెన్సిళ్లు రెండు, వీలైతే ఎర్రవి
- బంకమట్టి ముద్దలు
- తెల్ల కాగితం, స్కేలు, కోణమానిని
- అడుగుభాగం వెడల్పుగా, గోడలు బల్లపరుపుగా ఉన్న పారదర్శకమైన డబ్బా
- 8 సెంటీమీటర్ల లోతుకు సరిపడా నీళ్లు
- అంచనా కాగితాలు, పెన్ను

అద్దాన్ని తప్పకుండా పరీక్షించండి. కిటికీ చట్రం అందులో కనిపించేలా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చట్రం గీత అలలా ఊగితే ఆ అద్దం వంకర, కొలతలకు పనికిరాదు.

చెక్క పెన్సిల్ నీళ్లలో తేలుతుంది. తేలిక విషయమే గానీ, ముందే గుర్తుండక పాఠం మధ్యలో జట్టంతా పెన్సిల్‌ని వేలితో అదిమి పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. అడుగున మట్టి ముద్దలో గుచ్చితే కదలదు. నీళ్లు పోసిన వెంటనే బుడగలు అంటుకుంటాయి కాబట్టి పది నిమిషాలు ముందే పోసి ఉంచండి.

అంచనా పెన్నుతోనే రాయించండి. పెన్సిలిస్తే చూశాక చెరిపేస్తారు.

2. అంచనా ప్రశ్న తయారుచేయడం

"ఏం జరుగుతుంది?" అని అడిగితే "ప్రతిబింబం కనిపిస్తుంది" అని రాసి ఊరుకుంటారు. అది అంచనా కాదు, పాఠం పేరు. తప్పుగా ఊహించడానికి చోటున్న ప్రశ్నే అంచనా ప్రశ్న. అందుకు నేను పాటించే నియమం ఒక్కటే: జవాబు ఒక చోటుగానో, ఒక బొమ్మగానో ఉండాలి, తర్వాత స్కేలుతోనో కంటితోనో తేల్చడానికి వీలవ్వాలి.

అద్దానికి ఈ ప్రశ్న వాడండి:

*అద్దానికి 10 సెంటీమీటర్ల ముందు పెన్సిల్ నిలబెట్టాం. దాని ప్రతిబింబం ఎక్కడుంది?*
- అ. అద్దం మీదే
- ఆ. అద్దం వెనుక, 10 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా
- ఇ. అద్దం వెనుక, 10 సెంటీమీటర్ల దూరంలో
- ఈ. ఒక చోటంటూ లేదు, చూసేవాళ్లు పక్కకు జరిగితే అదీ జరుగుతుంది

"అ", "ఈ" రెండూ పిల్లల మనసులో నిజంగా ఉండే ఊహలే. జరిగినప్పుడు అద్దంలో బొమ్మ అంచు వైపు పోతూ కనిపిస్తుంది కాబట్టి "ఈ" అనడానికి వాళ్లకు కారణం కూడా ఉంది. ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో రాయించండి. "ఎందుకంటే" అని మొదలుపెట్టి కాగితం మీద మీరే అచ్చు వేసి ఇస్తే ఎగ్గొట్టరు.

నీళ్లకు రెండు ప్రశ్నలు, రెండిటికీ జవాబు బొమ్మే:

*వెడల్పు డబ్బాలో పెన్సిల్‌ని ఏటవాలుగా ముంచాం. పక్క నుంచి, నీటిమట్టానికి పై నుంచి వంగి చూస్తే మునిగిన భాగం ఎలా ఉంటుంది?*
- అ. తిన్నగానే
- ఆ. పైకి, నీటిమట్టం వైపు వంగినట్టు
- ఇ. కిందికి, అడుగు వైపు వంగినట్టు
- ఈ. పక్కకు విరిగి, ముక్క జరిగినట్టు

*అదే పెన్సిల్‌ని నిటారుగా నిలబెడితే?*
(ఖాళీ డబ్బా బొమ్మ ఇచ్చి మునిగిన భాగాన్ని వాళ్లనే గీయమనండి.)

"ఆ", "ఇ" రెండూ పెట్టడం ముఖ్యం. పెన్సిల్ వంగినట్టు కనిపిస్తుందని అందరికీ ముందే తెలుసు. ఎటు వంగుతుందో అడిగితే తరగతి రెండు ముక్కలవుతుంది. చూసి గీసిన బొమ్మల్లోనే కొన్ని తప్పు వైపు వంచి ఉంటాయి, బోర్డు మీద పొరపాటున అలా గీసిన పెద్దవాళ్లూ ఉన్నారు.

3. అంచనా రాయించే మూడు నిమిషాలు

ప్రశ్న చదవండి. ఏర్పాటు చూపించండి, కానీ అద్దం ముఖం గోడ వైపు తిప్పి, డబ్బా నీళ్లలో పెన్సిల్ ముంచకుండా. రెండు నిమిషాలు మౌనంగా రాయనివ్వండి. మాట్లాడుకోనిస్తే జట్టులో గొంతు పెద్దదైనవాడి జవాబు నలుగురి కాగితాల్లో చేరుతుంది.

తర్వాత చేతులెత్తించి లెక్క బోర్డు మీద రాయండి: అ 9, ఆ 11, ఇ 8, ఈ 6 అన్నట్టు. అప్పుడు మీ ముఖమే మీకు శత్రువు. సరైన జవాబు దగ్గర తల ఊపినా, తప్పు దగ్గర "నిజంగానా?" అన్నా ప్రయోగం అక్కడితో అయిపోయినట్టే. అన్నిటికీ ఒకే గొంతు వాడండి.

4. మొదటి పీరియడ్: అద్దం వెనుక చోటు కనిపెట్టడం

కాగితం మధ్యలో అడ్డంగా ఒక గీత. అద్దం వెనుక అంచు ఆ గీత మీద ఉండేలా మట్టితో నిటారుగా నిలబెట్టాలి. మామూలు అద్దానికి పూత వెనుక వైపు ఉంటుంది, వెలుగు తిరిగేది అక్కడే. పెన్సిల్ మొనను అద్దానికి ఆనించి చూడమనండి: మొనకూ దాని బొమ్మకూ మధ్య సందు కనిపిస్తుంది. గాజు మందం వల్ల వచ్చే సందు అది.

అద్దం నిటారుగా ఉందో లేదో తెలియడానికి గీతకు లంబంగా అద్దం దాకా మరో గీత గీయించండి. అద్దంలో అది తిన్నగా కొనసాగినట్టుంటే సరే. పైకి ఎక్కినట్టో, కిందికి దిగినట్టో ఉంటే అద్దం వాలింది.

ఇక అసలు పని. ఒక పెన్సిల్‌ని గీతకు 10 సెంటీమీటర్ల ముందు మట్టిలో నిలబెట్టండి. అద్దం పొట్టిది, పెన్సిల్ పొడవైనది కావడం ఇక్కడ అక్కరకొస్తుంది. రెండో పెన్సిల్‌ని అద్దం వెనుక పెడితే దాని పై సగం అద్దం అంచు పైన కనిపిస్తుంది. అద్దంలో బొమ్మ కింది సగం, అంచు పైన నిజం పెన్సిల్ పై సగం. రెండూ కలిసి ఒకే పెన్సిల్‌లా కనిపించేదాకా వెనుక పెన్సిల్‌ని జరుపుతూ పోవాలి.

తిన్నగా ఒక్క చోటు నుంచి కలిస్తే సరిపోదు. తల ఎడమకు, కుడికి కదిపినా రెండు సగాలూ విడిపోకూడదు. విడిపోతే వెనుక పెన్సిల్ దూరం తప్పు: తల కదిపిన దిక్కుకే అది బొమ్మను దాటి పోతుంటే బొమ్మకన్నా దూరంగా ఉంది, ఎదురు దిక్కుకు పోతుంటే దగ్గరగా ఉంది. కుదిరాక కాగితం మీద చుక్క పెట్టి, గీత నుంచి కొలవాలి.

ఇప్పుడు జట్టులో ఇంకొకరిని బాగా పక్కకు కూర్చోబెట్టి అక్కడి నుంచి చూడమనండి. వాళ్లకూ పెన్సిళ్లు కలిసే ఉంటాయి. "ఈ" అన్నవాళ్లకు జవాబు ఇదే: అద్దం మీద బొమ్మ కనిపించే తావు మారింది, బొమ్మ ఉన్న చోటు మారలేదు.

5. ఒక జట్టు కొలతలు, వాటిలో తప్పు

ఒకసారి ఒక జట్టుకు ముందు 10, వెనుక 10.5 వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. తోటివాళ్లందరికీ 10కి దగ్గరగా వస్తోంది. చేతి పొరపాటైతే ప్రతిసారీ ఒకే వైపు రాదు కదా అని అద్దం దగ్గరికి వెళ్లి చూశాను. గీత మీద అద్దం ముందు అంచు ఉంది, గాజు 4 మిల్లీమీటర్ల మందం. వెనుక అంచును గీత మీదికి తెచ్చి పెన్సిల్‌ని మళ్లీ 10 దగ్గర పెడితే 9.7 వచ్చింది.

మిగిలిన మూడు మిల్లీమీటర్లూ గాజు వల్లే. వెలుగు గాజులోకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వంగుతుంది కాబట్టి పూత ఉన్న చోటుకన్నా కాస్త ముందే తిరిగినట్టు లెక్క వస్తుంది. పిల్లలకు అప్పుడే చెప్పకండి. బోర్డు మూలన "3 మి.మీ. ఎక్కడికి పోయింది?" అని రాసి ఉంచితే రెండో పీరియడ్ చివర వాళ్లే చెబుతారు.

6. అదే కాగితం మీద కోణాలు

వెనుక పెన్సిల్ తీసేయండి. ఒకరు బల్ల మట్టానికి వంగి, స్కేలు అంచు వెంట చూస్తూ, అంచు అద్దంలోని పెన్సిల్ బొమ్మ అడుగుకు తిన్నగా గురిపెట్టి గీత గీయాలి. అది అద్దం గీతను తాకిన బిందువు నుంచి ముందున్న పెన్సిల్‌కు మరో గీత. మొదటిది పరావర్తన కిరణం, రెండోది పతన కిరణం. ఆ బిందువు దగ్గర లంబం గీసి రెండు వైపులా కోణాలు కొలిస్తే 31 డిగ్రీలు, 30 డిగ్రీలు అన్నట్టు వస్తాయి. రెండు డిగ్రీల తేడా వరకు ఒప్పుకోవచ్చు.

ఒక జాగ్రత్త. స్కేలుతో గురి చూడకుండా, ముందే పెట్టిన వెనుక చుక్కనుంచి గీత లాగేస్తే కోణాలు ఎలాగూ సమానమే అవుతాయి. అది జ్యామితి, పరిశీలన కాదు. తొందరలో ఉన్న జట్లు చేసే పని ఇదే.

కోణం అద్దం తలం నుంచి కొలవడం ఇంకో అలవాటు. అలా కొలిచినా రెండూ సమానమే వస్తాయి కాబట్టి తప్పు బయటపడదు, నీళ్ల దగ్గరికి వచ్చాక కొంప ముంచుతుంది. లంబం గీయని కాగితాన్ని తిరిగి ఇచ్చేయండి.

చివరగా కిరణాలకు బాణం గుర్తులు. పెన్సిల్ నుంచి అద్దానికి, అద్దం నుంచి కంటికి. కంటినుంచి బాణం బయల్దేరిన కాగితం ఒక్కటైనా ఉంటుంది, దాన్ని చర్చకు పెట్టండి. అద్దం వెనుక భాగం చుక్కల గీతే ఉండాలి, అక్కడ వెలుగు లేదు.

7. రెండో పీరియడ్: ఏ పాత్ర, ఎటు నుంచి చూడాలి

ఈ పాఠం మొదటిసారి చెప్పినప్పుడు మామూలు గుండ్రటి గాజు గ్లాసు తీసుకున్నాను. బోర్డు మీద పెన్సిల్ మొన పైకి లేచినట్టు బొమ్మ గీసి వివరిస్తుంటే మూడో వరుసలో ఒకమ్మాయి "సార్, నా బొమ్మలో పైకి లేవలేదు, పక్కకు జరిగింది, లావైంది కూడా" అంది. కాగితం చూశాను. తను చూసింది చూసినట్టే గీసింది. నేను వివరిస్తున్నది వేరేదాన్ని.

నీళ్లున్న గుండ్రటి గ్లాసు ఒక కటకం. పక్క నుంచి చూస్తే నిటారు పెన్సిల్ మధ్యలో ఉంటే మూడో వంతు లావుగా, వెనుక గోడకు ఆనించి ఉంటే దాదాపు రెట్టింపు లావుగా కనిపిస్తుంది. మధ్య నుంచి పక్కకు జరిపితే మునిగిన భాగం ఇంకా పక్కకు జరిగి, నీటిమట్టం దగ్గర తెగినట్టుంటుంది. ఇదీ వక్రీభవనమే, కానీ వంపు గాజు గోడ దగ్గర జరిగేది. మనం చెప్పదలచింది నీటి ఉపరితలం దగ్గర జరిగేది. రెండూ కలిస్తే పిల్లలు రెండిటినీ అర్థం చేసుకోలేరు.

కాబట్టి వెడల్పు డబ్బా, పై నుంచి చూడటం. కన్ను నీటిమట్టానికి పైన ఉండాలి, గోడ గుండా చూడకూడదు. పెన్సిల్ వాలు ఎడమ నుంచి కుడికి ఉంటే దానికి ఎదురుగా నిలబడి ఏటవాలుగా కిందికి చూడాలి. వాలు దిక్కు వెంటే చూస్తే వంపు తెలియదు, "నాకేం విరగలేదు" అనే పిల్లవాడు సాధారణంగా అక్కడే నిలబడి ఉంటాడు.

ఇంకో పిల్లవాడు తల దించి గోడ గుండా నీటి ఉపరితలాన్ని కిందినుంచి చూసి "పైన తలకిందుల పెన్సిల్ ఉంది" అంటాడు. నిజమే. నీటి నుంచి గాలిలోకి పోబోయే వెలుగు లంబంతో సుమారు 49 డిగ్రీలు దాటితే బయటకు రాదు, నీటి ఉపరితలమే అద్దమవుతుంది. మెచ్చుకుని, బోర్డు మూలన రాసి, ముందుకు సాగండి.

8. చూడటం, గీయటం, కొలవటం

అంచనా కాగితం బోర్లించి, కొత్త కాగితం మీద చూసింది గీయించండి. ఏటవాలు పెన్సిల్ మునిగిన భాగం పైకి, నీటిమట్టం వైపు వంగినట్టుంటుంది. నిటారుది ఎక్కడా విరగదు, పొట్టిదవుతుంది. ఆ రెండో ఫలితమే తరగతిని ఆపుతుంది. "నీళ్లు పెన్సిల్‌ని వంచాయి" అన్నవాళ్లకు, వంచితే ఇది కూడా వంగాలి కదా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

అప్పుడు ఎంత పొట్టి అయిందో కొలవండి. అద్దం దగ్గర నేర్చిన ఉపాయమే ఇక్కడా. డబ్బా అడుగున, గోడకు ఆనుకుని ఎర్ర మట్టి ఉండ పెట్టండి. నీళ్లు 8 సెంటీమీటర్లు. బయట అదే గోడ పక్కన పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకోవాలి. ఒక కన్ను మూసి సరిగ్గా పై నుంచి చూస్తూ, తల కదిపినా పెన్సిల్ మొన, ఉండ బొమ్మ కలిసే ఉండేదాకా పెన్సిల్‌ని పైకీ కిందికీ జరపాలి. నీటిమట్టం నుంచి ఆ మొన దాకా కొలిస్తే సుమారు 6 సెంటీమీటర్లు.

నీటి వక్రీభవన గుణకం 1.33, దానితో 8ని భాగిస్తే 6. చేత్తో చేసే కొలత కాబట్టి 5.5 నుంచి 6.5 వరకు ఒప్పుకోండి. 5 కన్నా తక్కువ వస్తే కన్ను నేరుగా పైన లేదు: ఏటవాలుగా చూసేకొద్దీ అడుగు ఇంకా పైకి వస్తుంది, ఆరు అన్న లెక్క నిలువు చూపుకే.

9. బోర్డు మీద బొమ్మ: రెండు కిరణాలు తప్పనిసరి

పెన్సిల్ మొన నుంచి రెండు కిరణాలు పైకి గీయండి. నీటిలో లంబంతో 20 డిగ్రీలున్నది గాలిలోకి వచ్చేసరికి సుమారు 27, 30 డిగ్రీలున్నది సుమారు 42 డిగ్రీలు అవుతుంది. అంటే లంబానికి దూరంగా వంగుతాయి. గాలిలోని రెండు కిరణాలనూ చుక్కల గీతలతో తిన్నగా వెనక్కి పొడిగిస్తే అవి కలిసేది మొనకు పైన.

ఒక్క కిరణంతో సరిపెట్టకండి. ఒక కిరణం దిక్కు చెబుతుంది గానీ చోటు చెప్పదు. చోటు తేలడానికి రెండు గీతలు ఖండించుకోవాలి. నిన్న అద్దం వెనుక చోటు తేల్చినప్పుడు తల ఎడమకు, కుడికి కదిపిందీ ఇందుకే, ఆ కాగితాన్ని దీని పక్కన అంటించి చూపండి.

వంగడానికి కారణం అడిగితే: కాంతి వేగం గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు, నీటిలో దాదాపు 2.25 లక్షలు. ఏటవాలుగా సరిహద్దు దాటేటప్పుడు ఆ తేడా దారిని మళ్లిస్తుంది. ఈ తరగతికి ఇంతవరకు చాలు.

ఇప్పుడు అంచనా కాగితం తిప్పి, కింద వేరే రంగుతో "నేను అనుకున్నది… చూసింది… తేడా ఎందుకంటే…" అని పూరించమనండి. తప్పు అంచనాకు మార్కులు కోయకండి. కోస్తే వచ్చేసారి పక్కవాడి కాగితం చూసి రాస్తారు. నేను దిద్దేది మూడో ఖాళీ ఒక్కటే.

10. పాఠానికి ముందు సరిచూసుకోండి

- అద్దాలు వంకర లేవు, అంచులకు టేపు ఉంది
- డబ్బా గోడలు గుండ్రంగా లేవు
- పెన్సిళ్లు మట్టిలో నిలుస్తున్నాయి
- నేనే ఒకసారి చేశాను, 10 సెం.మీ., 6 సెం.మీ. దగ్గరగా వచ్చాయి
- అంచనా కాగితాల్లో "ఎందుకంటే" ఉంది
- చేతుల లెక్క రాయడానికి బోర్డు మీద చోటు ఉంచాను

11. చివరి అయిదు నిమిషాలకు ఒక ప్రశ్న

పాఠం ఎక్కిందో లేదో తేల్చడానికి దీన్ని వాడండి, ఇదీ ముందు అంచనా రాయించే. డబ్బా అడుగున మట్టి ఉండ ఉంది. ఏటవాలుగా చూస్తున్నారు. ఒక పొడవాటి పుల్లను తిన్నగా పొడిచి ఉండను తాకాలంటే, అది కనిపించే చోటుకు గురిపెట్టాలా, దానికి పైకా, కిందికా? అదే ఉండ మీద సన్నని టార్చి వెలుగు పడాలంటే?

పుల్లకు కిందికి, వెలుగుకు కనిపించే చోటుకే. పుల్ల తిన్నగా పోతుంది, వెలుగు మాత్రం మన చూపు వచ్చిన దారినే వంగుతూ వెనక్కి వెళ్తుంది. మొదటిదానికి సరిగ్గా రాసి రెండోదానికి కూడా "కిందికి" అని రాసినవాళ్లు "కింద గురిపెట్టాలి" అన్న మాట పట్టుకున్నారు గానీ కిరణం దారిని పట్టుకోలేదు. వాళ్ల చేత తొమ్మిదో మెట్టు బొమ్మను బాణాలు తిప్పి, కంటి వైపు నుంచి మొన వైపుకు, మళ్లీ గీయించండి.